లోడ్ బ్యాలెన్సర్ వెనక అసలు యూజర్ అడ్రస్ ఎందుకు మాయమవుతుంది, ప్రాక్సీ ప్రోటోకాల్ దాన్ని ఎలా తెచ్చిపెడుతుంది

కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక టీమ్‌లో, ఒక సోమవారం పొద్దున యూజర్లందరికీ ఒకేసారి లాగిన్ ఆగిపోయింది. సర్వర్లు బాగానే ఉన్నాయి, డేటాబేస్ బాగానే ఉంది. లాగ్ తెరిస్తే వరసగా ఇలా కనిపించింది:

```
10.0.0.10 - - "POST /login HTTP/1.1" 429
10.0.0.10 - - "POST /login HTTP/1.1" 429
10.0.0.10 - - "POST /login HTTP/1.1" 429
```

చివరి 429 అంటే "మితిమీరి అడుగుతున్నావు, ఆగు" అని. `10.0.0.10` యూజర్ ఎవరిదీ కాదు. వచ్చే ట్రాఫిక్‌ను సర్వర్ల మధ్య పంచడానికి అంతకుముందు శనివారం రాత్రి మేమే కొత్తగా పెట్టిన లోడ్ బ్యాలెన్సర్ అడ్రస్ అది. ఒక్కో అడ్రస్ నుంచి సెకనుకు 5 లాగిన్ ప్రయత్నాలే అనుమతించాలని బ్యాకెండ్‌లో, అంటే దాని వెనకున్న అసలు సర్వర్లలో, ఒక నియమం ఎప్పటినుంచో ఉంది. పాస్‌వర్డ్‌లు ఊహించి కొట్టేవాళ్ళను ఆపడానికి పెట్టిన నియమం అది. లోడ్ బ్యాలెన్సర్ వచ్చాక బ్యాకెండ్ కంటికి ప్రపంచమంతా ఒకే మనిషి అయిపోయింది. ఆ 5 ప్రయత్నాలనే అందరూ పంచుకోవాల్సి వచ్చింది. ఆదివారం రద్దీ లేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు, సోమవారం బయటపడింది.

ఆ పరిస్థితికి వాడే పరిష్కారాల్లో ప్రాక్సీ ప్రోటోకాల్ ఒకటి. పేరు పెద్దదిగా ఉన్నా విషయం చిన్నది. కానీ దాన్ని ఒక వైపే ఆన్ చేస్తే సైట్ మొత్తం పడిపోతుంది. ఎవరిని పడితే వాళ్ళను నమ్మేలా ఆన్ చేస్తే, ఎవరైనా ఏ అడ్రస్ పేరైనా చెప్పి లోపలికి రావచ్చు.

## అడ్రస్ ఎక్కడ పోతుంది

యూజర్ ఫోన్ మీ సైట్‌ను అడిగినప్పుడు ముందు ఒక టీసీపీ కనెక్షన్ ఏర్పడుతుంది. ఆ కనెక్షన్‌కు రెండు కొసలుంటాయి. ఒక కొసన యూజర్ అడ్రస్, పోర్ట్. రెండో కొసన మీ సర్వర్ అడ్రస్, పోర్ట్. సర్వర్ ప్రోగ్రామ్ "అవతల ఎవరు?" అని ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగితే, అది అవతలి కొసనున్న అడ్రస్ చెబుతుంది. లాగ్‌లో పడేది అదే.

మధ్యలో ప్రాక్సీలా పనిచేసే లోడ్ బ్యాలెన్సర్ వస్తే, ఉండేది ఒక కనెక్షన్ కాదు, రెండు. యూజర్ నుంచి లోడ్ బ్యాలెన్సర్ దాకా ఒకటి, అక్కడి నుంచి బ్యాకెండ్ దాకా ఇంకొకటి. మొదటి కనెక్షన్‌లో వచ్చిన డేటాను లోడ్ బ్యాలెన్సర్ రెండో కనెక్షన్‌లో పోస్తుంది. డేటా చెక్కుచెదరకుండా వెళుతుంది కానీ, రెండో కనెక్షన్‌కు అవతలి కొస లోడ్ బ్యాలెన్సరే. బ్యాకెండ్ అబద్ధమేమీ చెప్పడం లేదు. తనకు నిజంగా ఎవరు ఫోన్ చేశారో వాళ్ళ నంబరే రాసుకుంటోంది.

అపార్ట్‌మెంట్ ఇంటర్‌కామ్ గుర్తు తెచ్చుకోండి. గేటు దగ్గరికి ఎవరొచ్చినా మీ ఇంట్లో మోగేది గేటు నంబరే. కొరియర్ అబ్బాయి వచ్చినా మేనత్త వచ్చినా డిస్‌ప్లేలో తేడా ఉండదు. అందుకే వాచ్‌మన్ మొదట "సార్, ఫలానా వాళ్ళు వచ్చారు" అని చెప్పి, ఆ తర్వాతే ఫోన్ వాళ్ళకిస్తాడు. ప్రాక్సీ ప్రోటోకాల్ చేసేది ఆ మొదటి మాట చెప్పడమే.

## `X-Forwarded-For` ఉండగా ఇంకొకటి ఎందుకు

వెబ్ పనిచేసేవాళ్ళకు వెంటనే వచ్చే ప్రశ్న ఇది. లోడ్ బ్యాలెన్సర్ `X-Forwarded-For` అనే హెచ్‌టీటీపీ హెడర్‌లో యూజర్ అడ్రస్ రాసి పంపుతుంది కదా, అది చాలదా? చాలాచోట్ల చాలుతుంది. లోడ్ బ్యాలెన్సర్ దగ్గరే టీఎల్ఎస్ ఎన్‌క్రిప్షన్ విప్పేస్తున్నట్లయితే, అంటే సర్టిఫికెట్, ప్రైవేట్ కీ అక్కడే ఉంటే, ఆ హెడర్ వాడుకోవడమే తేలిక. ఏ భాషలో రాసిన అప్లికేషన్ అయినా దాన్ని చదవగలదు.

చిక్కు ఎక్కడొస్తుందంటే, హెడర్ రాయాలంటే ముందు ఎన్‌క్రిప్షన్ అనే కవరు విప్పాలి. ప్రైవేట్ కీ బ్యాకెండ్ దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండకూడదని నిర్ణయించుకున్న సంస్థల్లో లోడ్ బ్యాలెన్సర్‌కు కనిపించేది ఎన్‌క్రిప్ట్ అయిన బైట్లు మాత్రమే. లోపల హెచ్‌టీటీపీ ఉందో మరొకటుందో కూడా దానికి తెలియదు. ఇక మెయిల్ సర్వర్ల సంగతి చూస్తే, ఎస్‌ఎంటీపీలో అలాంటి హెడర్ పెట్టే చోటే లేదు. కానీ స్పామ్ ఆపడానికి పంపినవాడి అడ్రస్ అందరికంటే ఎక్కువ కావలసింది మెయిల్ సర్వర్‌కే. డేటాబేస్ కనెక్షన్లకూ ఇదే ఇబ్బంది.

2010లో హెచ్‌ఏప్రాక్సీ అనే లోడ్ బ్యాలెన్సర్ ప్రోగ్రామ్ రూపకర్త విల్లీ టారో ఈ ప్రోటోకాల్‌ను రాసింది ఇలాంటి అవసరంలోనే. అప్పటికి హెచ్‌ఏప్రాక్సీకి సొంతంగా టీఎల్ఎస్ విప్పడం రాదు. దాని ముందు `stunnel` అనే మరో ప్రోగ్రామ్ పెట్టుకునేవారు. అక్కడే యూజర్ అడ్రస్ పోయేది. లోపల ఏ ప్రోటోకాల్ నడుస్తున్నా పనికొచ్చేలా, కవరు విప్పకుండా, కవరు కంటే ముందే అడ్రస్ పంపే పద్ధతి కావలసి వచ్చింది.

## తీగ మీద వెళ్ళేది ఏమిటి

మొదటి వెర్షన్ మనం చదవగలిగే ఒక్క లైను. బ్యాకెండ్‌కు కనెక్షన్ తెరవగానే, ఇంకేమీ పంపకముందే, లోడ్ బ్యాలెన్సర్ దీన్ని పంపుతుంది:

```
PROXY TCP4 203.0.113.45 198.51.100.7 51812 443\r\n
```

వరసగా చదివితే: ఇది ఐపీవీ4 మీద టీసీపీ, యూజర్ అడ్రస్ `203.0.113.45`, ఆయన కనెక్ట్ అయింది `198.51.100.7`కు, ఆయన వైపు పోర్ట్ 51812, మన వైపు పోర్ట్ 443. ఈ అడ్రస్‌లు ఉదాహరణల కోసం కేటాయించినవి, ఎవరివీ కావు. ఈ లైను అయిపోయాక యూజర్ పంపిన డేటా ఉన్నదున్నట్టు మొదలవుతుంది. హెచ్‌టీటీపీఎస్ అయితే టీఎల్ఎస్ పలకరింపు దీని వెనకే వస్తుంది. అంటే ఈ లైను ఎన్‌క్రిప్ట్ కాదు, కవరు మీద అతికించిన చీటీలాంటిది.

రెండో వెర్షన్ అదే సంగతిని బైనరీలో చెబుతుంది. పై ఉదాహరణే దాంట్లో ఇలా ఉంటుంది:

```
0D 0A 0D 0A 00 0D 0A 51 55 49 54 0A
21 11 00 0C
CB 00 71 2D   C6 33 64 07   CA 64   01 BB
```

మొదటి 12 బైట్లు మారని గుర్తు. తర్వాతి `21`లో 2 అంటే రెండో వెర్షన్, 1 అంటే "వేరేవాళ్ళ తరఫున వచ్చాను" అని. `11` అంటే ఐపీవీ4, టీసీపీ. `00 0C` అంటే ఇంకా 12 బైట్లున్నాయని. ఆ 12లోనే రెండు అడ్రస్‌లు, రెండు పోర్టులు. `CB` దశాంశంలో 203, `71` 113, `2D` 45. మొదటి వెర్షన్‌కు 48 బైట్లు పట్టిన ఈ సమాచారం ఇక్కడ 28 బైట్లలో సరిపోయింది.

ఆ `21` స్థానంలో `20` వస్తే "ఎవరి తరఫునా కాదు, నా సొంత పని మీదే వచ్చాను" అని అర్థం. సర్వర్ బతికే ఉందా అని లోడ్ బ్యాలెన్సర్ మాటిమాటికీ చేసే హెల్త్ చెక్‌కు ఇది పనికొస్తుంది. అడ్రస్‌ల తర్వాత అదనపు సమాచారం తగిలించే వీలు కూడా రెండో వెర్షన్‌లో ఉంది. కొన్ని క్లౌడ్ సంస్థలు తమ నెట్‌వర్క్ గుర్తింపు సంఖ్యలను అలాగే పంపుతాయి.

ఒక్క సంగతి మనసులో పెట్టుకోవాలి. ఈ చీటీ కనెక్షన్‌కు ఒక్కసారే వస్తుంది, ప్రతి రిక్వెస్ట్‌కూ రాదు. ఒకే కనెక్షన్‌లో వంద రిక్వెస్టులు నడిచినా అడ్రస్ మొదట చెప్పిందే. కాబట్టి వేర్వేరు యూజర్ల రిక్వెస్టులను ఒకే బ్యాకెండ్ కనెక్షన్‌లో కలిపి పంపే పొదుపు ఈ పద్ధతిలో కుదరదు.

## ఒక సెటప్‌ను చివరిదాకా కట్టి చూద్దాం

లోడ్ బ్యాలెన్సర్ `10.0.0.10` మీద హెచ్‌ఏప్రాక్సీ. వెనక `10.0.0.21`, `10.0.0.22` మీద ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్. టీఎల్ఎస్ విప్పేది ఎన్‌జిన్‌ఎక్స్. ప్రస్తుతం ట్రాఫిక్ 443 పోర్ట్ మీద నడుస్తోంది, దాన్ని ఆపకూడదు.

ఇక్కడ ఎదురయ్యే ముఖ్యమైన అడ్డంకి ఏమిటంటే, ఎన్‌జిన్‌ఎక్స్‌లో ఒక పోర్ట్‌కు ప్రాక్సీ ప్రోటోకాల్ చెప్పాక ఆ పోర్ట్‌కు వచ్చే ప్రతి కనెక్షన్ చీటీతోనే రావాలి. "ఉంటే చదువు, లేకపోతే వదిలెయ్" అనే వీలు లేదు. ఇది ఎన్‌జిన్‌ఎక్స్ మొండితనం కాదు. ప్రోటోకాల్ నియమమే అది, చీటీ ఉందో లేదో తీసుకునేవాడు ఊహించకూడదు. ఊహించే సర్వర్‌కు బయటివాడు తనే చీటీ రాసుకుని వచ్చేయగలడు కాబట్టి ఆ నియమం పెట్టారు.

ఒకే పోర్ట్ మీద రెండూ కుదరవు కాబట్టి, పాత పోర్ట్‌ను ముట్టుకోకుండా పక్కన 8443 తెరవడం క్షేమం:

```
server {
    listen 8443 ssl proxy_protocol;
    set_real_ip_from 10.0.0.10;
    real_ip_header   proxy_protocol;
    # సర్టిఫికెట్, మిగతావి పాతవే
}
```

మొదటి లైను చీటీ ఆశించమంటుంది. రెండోది, `10.0.0.10` తెచ్చిన చీటీనే నమ్మమంటుంది. మూడోది, నమ్మిన చీటీలోని అడ్రస్‌ను యూజర్ అడ్రస్‌గా తీసుకోమంటుంది. ఈ మూడూ ఉంటేనే లాగ్‌లోనూ రేట్ లిమిట్‌లోనూ అసలు అడ్రస్ కనిపిస్తుంది. మొదటిదొక్కటే పెట్టి ఊరుకుంటే సైట్ నడుస్తుంది కానీ లాగ్‌లో మళ్ళీ `10.0.0.10` పడుతుంది. చాలామంది "ఆన్ చేశాం కానీ పనిచేయడం లేదు" అని తల పట్టుకునేది ఇక్కడే.

ఇప్పుడు లోడ్ బ్యాలెన్సర్ మార్చకముందే పరీక్షించవచ్చు. కర్ల్ 8.2.0 నుంచి చీటీలో మనకిష్టమైన అడ్రస్ పెట్టి పంపగలదు. లోడ్ బ్యాలెన్సర్ మెషిన్ మీద కూర్చుని:

```
curl -k --haproxy-clientip 203.0.113.45 https://10.0.0.21:8443/
```

లాగ్‌లో `203.0.113.45` పడాలి. తర్వాత ఇదే కమాండ్‌ను నెట్‌వర్క్‌లోని వేరే మెషిన్ నుంచి, ఉదాహరణకు `10.0.0.50` నుంచి కొట్టాలి. ఈసారి లాగ్‌లో `10.0.0.50` పడాలి, ఎందుకంటే ఆ మెషిన్ చీటీని మనం నమ్మమని చెప్పలేదు. రెండోసారి కూడా `203.0.113.45` పడిందంటే నమ్మకం మరీ ఎక్కువమందికి ఇచ్చేశారన్నమాట. మొదటి పరీక్ష చేసి ఆగిపోయేవాళ్ళే ఎక్కువ. నా అనుభవంలో రెండో పరీక్షే ముఖ్యం.

ఇక లోడ్ బ్యాలెన్సర్ వైపు:

```
backend web
    mode tcp
    server web1 10.0.0.21:8443 send-proxy-v2 check
    server web2 10.0.0.22:8443 send-proxy-v2 check
```

ఒక సర్వర్‌ను మార్చి లాగ్ చూసి, తర్వాత రెండోదాన్ని మార్చవచ్చు. కర్ల్ పంపింది మొదటి వెర్షన్, హెచ్‌ఏప్రాక్సీ ఇప్పుడు పంపేది రెండోది. ఎన్‌జిన్‌ఎక్స్ 1.13.11 నుంచి రెండింటినీ తనంతట తానే గుర్తుపడుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. అంతకంటే పాతదైతే `send-proxy` అని మొదటి వెర్షనే పంపాలి.

## ఒక వైపే ఆన్ అయితే ఏం కనిపిస్తుంది

లోడ్ బ్యాలెన్సర్ చీటీ పంపుతోంది, బ్యాకెండ్‌కు ఆ సంగతి తెలియదనుకుందాం. మామూలు హెచ్‌టీటీపీ పోర్ట్ అయితే బ్యాకెండ్ ఆ లైన్‌నే రిక్వెస్ట్ అనుకుని చదువుతుంది. మొదటి వెర్షన్ వాడుతుంటే లాగ్‌లో సాక్ష్యం కళ్ళముందే ఉంటుంది:

```
10.0.0.10 - - "PROXY TCP4 203.0.113.45 198.51.100.7 51812 80" 400
```

హెచ్‌టీటీపీఎస్ పోర్ట్ అయితే టీఎల్ఎస్ మొదలవ్వాల్సిన చోట వేరే బైట్లు వస్తాయి. బ్యాకెండ్ మామూలు అక్షరాల్లో తప్పు సందేశం తిప్పి పంపితే, యూజర్ వైపు `wrong version number` లాంటి ఎర్రర్ కనబడుతుంది. దాంతో జనం సర్టిఫికెట్ తప్పేమో, టీఎల్ఎస్ వెర్షన్ తేడా ఏమో అని గంటలు గడుపుతారు. నిన్నటిదాకా బాగా నడిచి, లోడ్ బ్యాలెన్సర్ సెట్టింగ్ మార్చిన నిమిషం నుంచి ఈ ఎర్రర్ వస్తుంటే ముందు చీటీనే అనుమానించండి.

దీనికి తిరగేస్తే, బ్యాకెండ్ చీటీ కోసం ఎదురుచూస్తోంది, వచ్చినవాడు చీటీ లేకుండా మాట్లాడుతున్నాడు. ఎన్‌జిన్‌ఎక్స్ జవాబేమీ ఇవ్వకుండా కనెక్షన్ మూసేస్తుంది. ఎర్రర్ లాగ్‌లో ఇలాంటి మాట ఉంటుంది:

```
broken header: "GET / HTTP/1.1 ..." while reading PROXY protocol
```

ఈ రెండో రకంలో అందరికంటే ఎక్కువగా దెబ్బతీసేది హెల్త్ చెక్. మానిటరింగ్ టూల్ గానీ, లోడ్ బ్యాలెన్సర్ గానీ చీటీ లేకుండా బ్యాకెండ్‌ను పలకరిస్తే జవాబు రాదు. జవాబు రాని సర్వర్ చచ్చిపోయిందని లోడ్ బ్యాలెన్సర్ అనుకుంటుంది. అలా రెండు సర్వర్లూ నిక్షేపంలా ఉండగానే సైట్ మూతపడుతుంది. హెచ్‌ఏప్రాక్సీలో హెల్త్ చెక్ అదే పోర్ట్‌కు వెళుతుంటే చీటీ దానంతటదే జతవుతుంది. కానీ `port` అని వేరే పోర్ట్ చెబితే జతకాదు, కావాలంటే `check-send-proxy` అని విడిగా అడగాలి. మన ఉదాహరణలో వేరే పోర్ట్ చెప్పలేదు కాబట్టి సరిపోయింది. ఆ వేరే పోర్ట్ చీటీ అడగని మామూలు పోర్ట్ అయితే జతకాకపోవడమే మంచిది.

## చీటీని ఎవరు రాశారు

చీటీలో సంతకం లేదు. ఆ పోర్ట్‌ను చేరుకోగలిగిన ఎవరైనా ఏ అడ్రస్ అయినా రాసి తేవచ్చు. అడ్మిన్ పేజీకి ఆఫీసు అడ్రస్ నుంచి తప్ప ప్రవేశం లేదని మీరు నియమం పెట్టారనుకోండి. `set_real_ip_from 0.0.0.0/0` అని రాసేసి, 8443 పోర్ట్‌ను ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచితే, బయటివాడు చీటీలో మీ ఆఫీసు అడ్రస్ రాసి నేరుగా లోపలికొస్తాడు. లాగ్‌లో కూడా మీ ఆఫీసు అడ్రసే పడుతుంది. రేపు విచారణ వస్తే మీ వాళ్ళే దోషులుగా కనిపిస్తారు.

ఇందులో ఇంకో చిన్న ఉచ్చు ఉంది. ఎన్‌జిన్‌ఎక్స్‌లో `$remote_addr` నమ్మకం నియమాన్ని పాటిస్తుంది. `$proxy_protocol_addr` మాత్రం చీటీలో ఏముంటే అదే చూపిస్తుంది, ఎవరు తెచ్చినా సరే. కాబట్టి రేట్ లిమిట్, అనుమతుల నియమాలు మొదటిదాని మీద కట్టాలి. దానికి తోడు ఫైర్‌వాల్‌లో 8443ను లోడ్ బ్యాలెన్సర్‌కు మాత్రమే తెరవాలి. రెండు తాళాలూ వేయాల్సిందే, ఎందుకంటే సెట్టింగ్ ఫైలు ఎవరో ఒకరు ఎప్పుడో మారుస్తారు.

## వేరే దారులు, వాటి లెక్కలు

చీటీ అసలెందుకు, లోడ్ బ్యాలెన్సర్ యూజర్ అడ్రస్‌తోనే ప్యాకెట్ పంపొచ్చు కదా అనే వాదన ఉంది. లైనక్స్‌లో టీప్రాక్సీ అనే సదుపాయంతో అది సాధ్యమే. అప్పుడు బ్యాకెండ్ అప్లికేషన్‌లో ఒక్క అక్షరం మార్చనక్కరలేదు. చీటీ చదవడం రాని పాత సర్వర్ ఉంటే ఇదే గట్టి మార్గం. కానీ బ్యాకెండ్ జవాబు నేరుగా యూజర్‌కు వెళ్ళకుండా మళ్ళీ లోడ్ బ్యాలెన్సర్ గుండానే రావాలి. అందుకని బ్యాకెండ్ల రూటింగ్ మార్చాలి. రెండు డేటాసెంటర్ల మధ్య అది చాలా కష్టం. చీటీ పద్ధతికి రూటింగ్‌తో పనిలేదు. అప్లికేషన్ మార్చగలిగినవాళ్ళకు ఇదీ, నెట్‌వర్క్ చేతిలో ఉన్నవాళ్ళకు అదీ సులువు.

సైట్ కంటెంట్‌ను యూజర్లకు దగ్గర్లోని సర్వర్ల నుంచి అందించే సీడీఎన్ ముందున్నప్పుడు మాత్రం చీటీ ఒక్కటే సరిపోదు. యూజర్ కనెక్షన్ సీడీఎన్ దగ్గరే ముగిసిపోతుంది కాబట్టి, మీ లోడ్ బ్యాలెన్సర్‌కు కనిపించేది సీడీఎన్ సర్వర్ అడ్రస్. చీటీలో నిజాయితీగా రాసేదీ అదే. అప్పుడు చీటీతో "ఇది నిజంగా సీడీఎన్ నుంచే వచ్చిందా" అని తేల్చుకుని, తేలాకే హెచ్‌టీటీపీ హెడర్‌లోని యూజర్ అడ్రస్‌ను నమ్మాలి.

అసలు అడ్రస్ దొరికినా అది ఒక్క మనిషిది కాకపోవచ్చు. మన మొబైల్, బ్రాడ్‌బ్యాండ్ నెట్‌వర్క్‌లలో ఒకే ఐపీవీ4 అడ్రస్‌ను చాలామంది ఒకేసారి వాడుతుంటారు. వాళ్ళను విడదీసేది పోర్ట్ నంబర్, సమయం. భారత ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లను 180 రోజులు దాచాలి. ఆ లాగ్‌లో అడ్రస్ మాత్రమే ఉండి పోర్ట్ లేకపోతే, ఆ అడ్రస్ వెనక ఆ క్షణాన ఎవరున్నారో ఆపరేటర్ తేల్చడం కష్టం. `X-Forwarded-For`లో మామూలుగా పోర్ట్ ఉండదు. చీటీలో మొదటి రోజు నుంచీ ఉంది, మన ఉదాహరణలో అది 51812. ఎన్‌జిన్‌ఎక్స్‌లో దాన్ని లాగ్‌లో చేర్చడానికి ఇంతే:

```
log_format withport '$remote_addr $proxy_protocol_port '
                    '[$time_iso8601] "$request" $status';
access_log /var/log/nginx/access.log withport;
```